కాలింది పావు గోడౌనైతే వచ్చేది పావు బీమానే

గోడౌన్ తగలబడి, సర్వేయర్ వచ్చి వెళ్లి, క్లెయిమ్ లెక్క చేతికందిన రోజున యజమాని అనే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "60 లక్షలకు పాలసీ తీసుకున్నాను. 60 లక్షలకూ ప్రీమియం కట్టాను. నష్టం 40 లక్షలే. 60లో 40 ఇమిడిపోతుంది కదా, మొత్తం ఇవ్వడానికి వీళ్లకేం అడ్డం? గోడౌన్ విలువ ఎంతైతే వీళ్లకెందుకు?" ఈ మాట వ్యాపారులదే కాదు. వాళ్ల అకౌంటెంట్లు అంటారు, కొందరు ఏజెంట్లు అంటారు, అప్పిచ్చిన బ్యాంకు మేనేజర్లలో కొందరూ అంటారు. యావరేజ్ క్లాజు అనేది క్లెయిమ్ కోయడానికి కంపెనీ వాళ్లు పాలసీ కాగితాల్లో ఎక్కడో దాచిపెట్టుకున్న కత్తెర అనే నమ్మకం మన మార్కెట్ యార్డుల చుట్టూ బలంగా పాతుకుపోయింది.

ఆ వాదనకు దక్కవలసిన గౌరవం ముందు ఇచ్చేద్దాం. అది తెలివితక్కువ వాదన కాదు. యావరేజ్ క్లాజు అసలు లేని అగ్నిబీమా ఒప్పందంలో అదే నెగ్గుతుంది. బీమా మొత్తం దాటనంతవరకు నష్టం ఎంతైతే అంతా చెల్లించాలి. కాబట్టి తేల్చవలసిన ప్రశ్న ఆ షరతు ఎందుకు ఉంది, అది తీసేస్తే ఏమవుతుంది అన్నది. షరతు సారం ఇది: నష్టం జరిగే సమయానికి ఆస్తి విలువ బీమా మొత్తం కంటే ఎక్కువగా ఉంటే, ఆ తేడా మేరకు యజమాని తనకు తానే బీమాదారు అయినట్టు లెక్క. నష్టంలో ఆ వాటా ఆయనే భరించాలి. పాలసీలో ఒకటికి మించి అంశాలుంటే ప్రతి అంశానికీ ఈ లెక్క విడివిడిగా వేస్తారు.

మాట గాల్లో ఉండకుండా ఒక గోడౌన్ ఊహించుకుందాం. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో 16,000 చదరపు అడుగుల గోడౌన్. ఇవాళ మళ్లీ కట్టాలంటే అడుగుకు 1,000 రూపాయలనుకుంటే, స్థలం కాకుండా 1 కోటి 60 లక్షలవుతుంది. పాలసీ తిరిగి కట్టే ఖర్చు ప్రాతిపదికన ఉంది, కానీ బిల్డింగ్‌కు రాయించింది 60 లక్షలే. మంటల్లో 4,000 చదరపు అడుగుల భాగం పూర్తిగా పోయింది. నష్టం 40 లక్షలు. యావరేజ్ లెక్క ప్రకారం 40 లక్షలను 60తో గుణించి 160తో భాగిస్తారు. వచ్చేది 15 లక్షలు, అందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్ పోగా. మిగిలిన 25 లక్షలు యజమాని నెత్తిన.

1. ఆ 60 లక్షలు గోడౌన్‌లో ఏ మూలకు?

"నష్టం నా 60 లక్షల లోపలే ఉంది" అన్నప్పుడు ఆ వాక్యంలో ఒక ఊహ దాగి ఉంది. గోడౌన్‌లో ఎక్కడో 60 లక్షల విలువైన భాగం బీమా అయి ఉందనీ, మంట సరిగ్గా ఆ భాగంలోనే పుట్టిందనీ ఆ ఊహ. కానీ పాలసీలో అలాంటి గీత ఎక్కడా లేదు. 60 లక్షలు మొత్తం 16,000 అడుగుల మీదా పరుచుకుని ఉంది. తూర్పు గోడకూ పడమటి గోడకూ, ముందు షట్టర్‌కూ వెనక రేకులకూ అన్నిటికీ ప్రతి రూపాయి విలువలో ముప్పై ఏడున్నర పైసలే బీమా. మిగతా అరవై రెండున్నర పైసలకు బీమా చేసినవాడు యజమానే. రాతపూర్వకంగా ఒప్పుకోకపోయినా, ప్రీమియం కట్టకపోవడం ద్వారా ఒప్పుకున్నాడు. కంపెనీకి మూడు వంతులు, యజమానికి అయిదు వంతులుగా ఇద్దరూ పొత్తులో ఉన్నట్టు లెక్క. పొత్తులో నష్టమొస్తే వంతుల ప్రకారమే పంచుకుంటారు తప్ప, మూడు వంతుల వాడిని పిలిచి మొత్తం నువ్వే భరించు అనరు.

ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చూస్తే అనుమానమే మిగలదు. కాలింది 16,000 అడుగుల్లో 4,000. అంటే పావు వంతు. వచ్చింది 60 లక్షల్లో 15 లక్షలు. అదీ పావు వంతే. పావు గోడౌన్ పోతే పావు బీమా. మొత్తం గోడౌన్ పోతే మొత్తం బీమా, అంటే 60 లక్షలు. చాలామంది గమనించని సంగతి ఇది: ఆస్తి పూర్తిగా నాశనమైనప్పుడు యావరేజ్ క్లాజు ఒక్క రూపాయి కూడా కోయదు. 160 లక్షల నష్టాన్ని 60తో గుణించి 160తో భాగిస్తే 60 లక్షలే వస్తుంది. క్లాజు నిజంగా కత్తెరే అయితే, అతి పెద్ద క్లెయిమ్ దగ్గర దానికి పదును లేకపోవడమేమిటి? మొత్తం పోయినప్పుడు 100 లక్షలు తన చేతి నుంచి పోతాయని ఒప్పుకునే యజమాని, పావు పోయినప్పుడు 25 లక్షలు పోవడం అన్యాయం అంటున్నాడు. రెండూ ఒకే నిష్పత్తి. ఒకటి న్యాయమైతే రెండోదీ న్యాయమే.

2. "మొత్తం ఎప్పుడూ కాలదు కదా, సగానికి రాయిస్తే చాలు"

యార్డులో చలామణి అయ్యే సలహాల్లో ఇది అన్నిటికంటే చాకచక్యంగా వినిపిస్తుంది, అన్నిటికంటే ఎక్కువ చెరుపూ చేస్తుంది. ఇందులోని మొదటి సగం నిజమే. చాలా మంటలు గోడౌన్‌లో ఒక భాగాన్నే తింటాయి. అయితే ఆ నిజం కంపెనీకీ తెలుసు. ప్రీమియం రేటు కట్టేటప్పుడు ఆ నిజాన్నే ఆధారం చేసుకుంటుంది. ఏడాది మొత్తం మీద వచ్చే నష్టాలను, బీమా ఉన్న ఆస్తుల మొత్తం విలువతో పోల్చి వెయ్యికి ఇన్ని రూపాయలని తేలుస్తుంది. పెద్ద విలువ మీద చిన్న నష్టాలు వస్తాయి కాబట్టే ఆ రేటు అంత తక్కువగా ఉంటుంది.

లెక్క సులువుగా ఉండేందుకు రేటు వెయ్యికి 2 రూపాయలనుకోండి. మనం చెప్పుకున్న గోడౌన్ లాంటివే వంద ఉన్నాయి, ఏడాదిలో ఒక్కచోట 24 లక్షల నష్టం జరిగింది. అందరూ నిజమైన విలువకు రాయిస్తే ఒక్కొక్కరు 32,000 చొప్పున 32 లక్షలు పోగవుతాయి. 24 లక్షల క్లెయిమ్ చెల్లించి, ఖర్చులకు 8 లక్షలు మిగులుతాయి. ఇప్పుడు అందరూ ఆ చాకచక్యపు సలహా విని 60 లక్షలకే రాయించారు. ఒక్కొక్కరు 12,000. పోగయ్యేది 12 లక్షలు. కానీ మంటకు ఈ సంగతి తెలియదు, అది మునుపటిలాగే 24 లక్షల మేర కాల్చింది. 12 లక్షల మూటలోంచి 24 లక్షలు తీసి ఇవ్వడం ఎలా? యావరేజ్ క్లాజు ఉంటే చెల్లింపు 9 లక్షలవుతుంది, మూట నిలబడుతుంది. క్లాజు తీసేస్తే రేటు వెయ్యికి 5 రూపాయలు దాటించక తప్పదు.

ఆ పెరిగిన రేటు ఎవరి మీద పడుతుంది? తక్కువకు రాయించిన వాళ్ల మీదే పడితే బాధ లేదు. నిజాయితీగా 1 కోటి 60 లక్షలకు రాయించిన పక్క గోడౌన్ యజమాని కూడా అదే రేటు కట్టాలి. ఇంతకుముందు 32,000 కట్టేవాడు 85,000 దాటి కట్టాలి. అతనికి అదనంగా వచ్చేది దాదాపు ఏమీ లేదు. అప్పుడతను ఊరికే ఉంటాడా? వాడూ 60 లక్షలకే మారతాడు. విలువ సరిగ్గా చెప్పేవాడికి శిక్ష, తగ్గించి చెప్పేవాడికి బహుమతి అనే పద్ధతిలో ఏ బీమా వ్యవస్థా నాలుగేళ్లు నిలవదు. ఇద్దరికీ 40 లక్షల నష్టమే వచ్చి, 12,000 కట్టినవాడికీ 32,000 కట్టినవాడికీ ఒకే చెక్కు ఇవ్వాలని అడిగేవాళ్లు, ఆ రెండో మనిషి ముఖం చూసి అదే మాట అనగలరా?

ఇక సొంత లాభం సంగతి. తక్కువకు రాయించినందుకు ఏడాదికి మిగిలింది 20,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. మంట వచ్చినప్పుడు పోయింది 25 లక్షలు. ఆ 20,000 ఏడాదికోసారి కూడబెడుతూ పోతే పోయిన సొమ్ము చేరడానికి 125 ఏళ్లు పడుతుంది. దీన్ని పొదుపు అనేవాళ్లకు ఏం చెప్పాలి!

నష్టం కొంతవరకే వస్తుందని నిజంగా నమ్మేవాళ్లకు తగిన పద్ధతి బీమా రంగంలో లేకపోలేదు. దొంగతనం పాలసీల్లో ఫస్ట్ లాస్ అనే పద్ధతి ఉంది. గోడౌన్‌లో ఉన్న సరుకంతా ఒక్క రాత్రిలో ఎత్తుకుపోవడం కష్టం కాబట్టి, మొత్తం విలువలో ఇంత శాతానికే బీమా కావాలని అడగవచ్చు. అయితే అక్కడ మొత్తం విలువ ముందే నిజంగా చెప్పాలి, రేటు కూడా దానికి తగ్గట్టు వేరుగా ఉంటుంది. అంటే తప్పు తక్కువ బీమా కోరుకోవడంలో లేదు. విలువ దాచి, పూర్తి బీమా రేటుకు ఫస్ట్ లాస్ సౌకర్యం కోరడంలో ఉంది.

3. "60 లక్షలని రాసుకున్నప్పుడు కంపెనీ నోరెత్తలేదే?"

ఈ అభ్యంతరంలో కొంత బలముంది. తేలిగ్గా తోసేయకూడదు. ప్రపోజల్ ఫారం నింపింది ఏజెంట్, గోడౌన్ చూడకుండానే పాలసీ ఇచ్చారు, ఏళ్ల తరబడి అదే అంకెకు రెన్యూవల్ ప్రీమియం తీసుకున్నారు, క్లెయిమ్ వచ్చాక మాత్రం టేపు పట్టుకుని కొలిచారు. మనిషికి మండడం సహజం. తక్కువ ప్రీమియం చూపించి పాలసీ పట్టుకుపోవాలనే తొందరలో బీమా మొత్తాన్ని కావాలనే కుదించే ఏజెంట్లు ఉన్నారు. వాళ్లను వెనకేసుకురావలసిన పని ఎవరికీ లేదు. అంకె రాసే ముందు యావరేజ్ లెక్కను ఒక ఉదాహరణతో, తెలుగులో, కాగితం మీద వేసి చూపించి సంతకం తీసుకోవడం ఏజెంటు కనీస బాధ్యత.

కానీ ఆ కోపంలోంచి "కంపెనీ విలువ ఒప్పుకుంది" అనే తీర్మానానికి దూకడం కుదరదు. బీమా మొత్తం అనేది కంపెనీ కట్టిన విలువ కాదు, చెల్లింపుకు పై హద్దు మాత్రమే. ఇద్దరూ ముందే విలువ ఒప్పుకునే పాలసీలు వేరే ఉన్నాయి. పాత చిత్రాలు, అరుదైన వస్తువులు, సముద్రంలో వెళ్లే సరుకు లాంటివాటికి అలా ఇస్తారు. మామూలు గోడౌన్ పాలసీ అది కాదు. పైగా అక్కడా తప్పించుకోలేరు. ఒప్పుకున్న విలువకంటే తక్కువకు బీమా చేస్తే తేడాకు బీమాదారు తానే అని 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం 81వ సెక్షన్‌లోనే ఉంది. గోడౌన్ పాలసీలో షరతుగా ఉన్నది, అక్కడ పార్లమెంటు చేసిన చట్టంగా ఉంది. కంపెనీల కుట్ర అనేవాళ్లు దీనికి సమాధానం చెప్పాలి.

మరో సంగతి. విలువ చూసేది పాలసీ తీసుకున్న రోజున కాదు, మంట పుట్టిన రోజున. మొదటి రోజు కంపెనీ ఇంజనీరును పంపి కొలిపించినా, నాలుగేళ్ల తర్వాత ఇనుము, సిమెంటు, కూలి రేట్లు పెరిగాక ఆ కొలత ఎందుకూ పనికిరాదు. ఏటేటా పెంచుకోవలసింది యజమానే. ఎందుకంటే ఆ భవనం గురించి తెలిసింది ఆయనకే.

అసలు ఆ 60 లక్షలు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తప్పు మూలం కనిపిస్తుంది. కొన్నిచోట్ల అది రిజిస్ట్రేషన్ కాగితంలో రాసిన విలువ. కొన్నిచోట్ల ఏటా తరుగు తీసేయగా బ్యాలెన్స్ షీట్‌లో మిగిలిన అంకె. ఆదాయపన్ను కోసం వేసే ఆ తరుగుకూ గోడ మళ్లీ కట్టే ఖర్చుకూ సంబంధమే లేదు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది బ్యాంకు లోను అంకె. "లోను 60 లక్షలు, ఇన్సూరెన్స్ 60 లక్షలు" అని బ్యాంకు కాగితాలతోపాటే పాలసీ తయారైపోతుంది. తన అప్పు భద్రం అయిందని బ్యాంకు అనుకుంటుంది. అదీ పొరపాటే. పావు గోడౌన్ పోయిన రోజున బ్యాంకు చేతికి వచ్చేది 15 లక్షలే, హామీగా పెట్టిన ఆస్తిలో పోయింది 40 లక్షలు.

4. "ఇళ్లకు ఎత్తేశారుగా, గోడౌన్లకు ఎందుకు ఉంచారు?"

ప్రత్యర్థుల చేతిలో ఉన్న అత్యుత్తమ వాదన ఇది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీలో తక్కువ బీమాకు కోత పూర్తిగా లేదు. అదే రోజు వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, భారత్ లఘు ఉద్యమ్ సురక్ష పాలసీల్లో మాత్రం 15 శాతం వరకే సడలింపు. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల వరకు ఉంటే మొదటిది, 5 నుంచి 50 కోట్ల వరకు రెండోది. మన గోడౌన్ లాంటివి వీటిలోనే పడతాయి.

ఈ తేడాకు కారణం ఉంది. ఇంటి పాలసీలో బీమా మొత్తం యజమాని నోటి మాట మీద ఆధారపడదు. కార్పెట్ ఏరియాను ఆ ప్రాంతపు నిర్మాణ ఖర్చుతో గుణించి తేలుస్తారు. ఏ అంకె గురించి క్లెయిమ్ రోజున తగాదా వస్తుందో ఆ అంకె మొదటి రోజే కొలతతో తేలిపోతోంది. అలా తేలినచోట కోత అవసరం దాదాపు ఉండదు. వ్యాపార ఆస్తి అలా కాదు. గోడౌన్ నిర్మాణం ఒక్కోటీ ఒక్కోలా ఉంటుంది. లోపలి సరుకు నెలనెలా మారుతుంది. విలువ చెప్పేవాడి దగ్గర అకౌంటు పుస్తకాలు, సలహాదారులు ఉంటారు. తగ్గించి చెప్పే అవకాశమూ ఉంటుంది, దానివల్ల లాభమూ ఉంటుంది.

15 శాతం సడలింపు ఈ తేడాను గుర్తించే పెట్టారు. ధరలు కాస్త పెరగడం వల్లో, అంచనా కాస్త తప్పడం వల్లో వచ్చే కొరతను అది క్షమిస్తుంది. మన గోడౌన్‌కు 1 కోటి 36 లక్షలకు రాయించి ఉంటే కోత లేకుండా 40 లక్షల నష్టమూ లెక్కలోకి వచ్చేది. 60 లక్షలకు రాయించడం అంటే కొరత అరవై రెండున్నర శాతం. దాన్ని అంచనాలో పొరపాటు అనలేం. పైగా కొరత 15 శాతం దాటాక ఆ పదిహేనును మినహాయించి మిగతాదానికే కోత వేస్తారనుకోవడం కూడా భ్రమే, మొత్తం కొరతా లెక్కకొస్తుంది.

సరుకు విషయంలో "విలువ రోజూ మారుతుంది, ఏ అంకె రాయించాలి?" అనే మాట న్యాయమైనదే. మిర్చి సీజన్‌లో నిండిన గోడౌన్ సీజన్ పోయాక సగం ఖాళీ అవుతుంది. దానికే డిక్లరేషన్ పాలసీ ఉంది. గరిష్ఠంగా ఉండే విలువకు పాలసీ తీసుకుని, నెలనెలా ఉన్న సరుకు విలువ తెలియజేస్తూ పోతే, ఏడాది చివర లెక్క చూసి ప్రీమియంలో కొంత వెనక్కి ఇస్తారు. కానీ ఇక్కడా పాత జబ్బు వెంటాడుతుంది. బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో అప్పు ఎక్కువ తీసుకోవడానికి సరుకు పెంచి చూపి, బీమాకు తగ్గించి చెప్పేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. సర్వేయర్ మొదట అడిగే కాగితాల్లో ఆ స్టాక్ స్టేట్‌మెంట్ ఒకటి. అందులో మీరు సంతకం చేసిన అంకే మీ మీదికి తిరుగుతుంది. సరుకుకు ఎక్కువ రాయించి బిల్డింగ్‌కు తక్కువ రాయిస్తే రెండూ సర్దుకుంటాయనుకోవడమూ కుదరదు. ప్రతి అంశానికీ లెక్క వేరని ముందే చెప్పుకున్నాం.

5. పోట్లాడవలసిన చోటు

క్లాజు మీద కేసు వేస్తామని బయల్దేరేవాళ్లు సాధారణంగా ఇంకో తప్పు చేస్తారు. నష్టం అంకె పెంచడానికి ప్రయత్నిస్తారు. అడుగుకు 1,000 కాదు, 1,250 అవుతుందని ఇంజనీరు చేత అంచనా రాయిస్తారు. సరే, ఒప్పుకుందాం. నష్టం 50 లక్షలైంది. అయితే అదే రేటు మొత్తం గోడౌన్‌కూ వర్తించాలి కదా. విలువ 2 కోట్లవుతుంది. 50 లక్షలను 60తో గుణించి 200తో భాగిస్తే మళ్లీ అదే 15 లక్షలు. రేటు తగ్గించి 800 అన్నా అదే 15 లక్షలు. కాలిన భాగానికి ఒక రేటు, నిలిచిన భాగానికి ఇంకో రేటు అనడానికి నిర్మాణంలో నిజంగా తేడా ఉంటే తప్ప వీలుండదు.

గెలిచే అవకాశం ఉన్న పోరాటం కింది అంకె మీద, అంటే సర్వేయర్ కట్టిన మొత్తం విలువ మీద. స్థలం విలువ అందులో కలిసిందా? కలిస్తే తీసేయించాలి, భూమి కాలదు. పాలసీలో పునాదిని మినహాయించి రాయించుకుంటే, లెక్కలో పునాది ఖర్చు వేశారా? పాలసీలో పేర్కొనని ఆఫీసు గది, కాంపౌండ్ గోడ, కాటా లాంటివి విలువలో చేర్చారా? ఇటుక గోడల భాగానికీ రేకుల షెడ్డు భాగానికీ ఒకే రేటు వేశారా? పాలసీ తిరిగి కట్టే ఖర్చు ప్రాతిపదికన కాకుండా తరుగు తీసిన విలువ ప్రాతిపదికన ఉంటే, నష్టంలో తరుగు తీసి విలువలో తీయడం మరిచిపోయారా? వీటిలో ఏ ఒక్కటి తప్పైనా క్లెయిమ్ పెరుగుతుంది, ఆ పెరుగుదల న్యాయంగా రావలసిందే. సర్వేయర్ రిపోర్టు కాపీ అడిగి తీసుకుని, ఈ అంశాలను కొలతలతో రాతపూర్వకంగా ప్రశ్నించడానికి పట్టే శ్రమ, "నా 60 లక్షల్లో ఇమిడింది" అని ఏళ్ల తరబడి వాదించడానికి పట్టే శ్రమలో పదో వంతు ఉండదు.

షరతు మాత్రం కదలదు. దాన్ని మోసమని పిలవడం మానేసి, ఈ ఏడాది రెన్యూవల్ కాగితం రాగానే గోడౌన్ చదరపు అడుగులను మీ ఊళ్లో ఇవాళ్టి నిర్మాణ రేటుతో గుణించండి. వచ్చిన అంకెను పాలసీలోని అంకెతో పోల్చండి. పాలసీ అంకె అందులో 85 శాతానికి తగ్గితే ప్రీమియం కట్టే ముందే దాన్ని మార్పించండి.